క్లోనింగ్ ఫెయిలైంది, రిపోర్టు గడువు దగ్గర పడింది: గైడ్‌కి మెయిల్ ఎలా రాయాలి

బెంగళూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివే మన తెలుగు పిల్లలు ఏటా ఈ ఇబ్బందిలో పడుతుంటారు. శుక్రవారం ల్యాబ్ రిపోర్టు ఇవ్వాలి. సోమవారం ఇంక్యుబేటర్ తలుపు తీసి చూస్తే ప్లేట్ల మీద కాలనీలు ఉన్నాయి కానీ ఒక్కదాంట్లోనూ జీన్ లేదు. గైడ్‌ని ఇంకొంచెం టైమ్ అడగాలి, ఎలా అడగాలో తెలీదు. చివరికి గురువారం రాత్రి పదకొండింటికి "మేడమ్, క్లోనింగ్ రాలేదు, దయచేసి గడువు పెంచండి" అని రెండు వాక్యాలు పంపేస్తారు.

అది చదివిన గైడ్‌కి మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: కంట్రోల్ ప్లేట్ల మీద ఏం వచ్చింది? దానికి జవాబు మెయిల్‌లో లేకపోతే గడువు ఇవ్వాలో వద్దో తేల్చుకోవడానికి ఆవిడ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అందుకే మెయిల్ రాయడం బెంచ్ దగ్గర మొదలవుతుంది. ఎక్కడ తప్పిందో తెలిస్తే ఎన్ని రోజులు కావాలో తెలుస్తుంది, రోజులు తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. ఒక కేసు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

కేసు ఇది

సుమారు 900 బేస్‌ల జీన్‌ని పెట్-28ఎ వెక్టర్‌లో పెట్టాలి. ఒక కొసకి ఎన్‌డీఈ-1, రెండో కొసకి ఎక్స్‌హెచ్ఓ-1 ఎంజైమ్‌లు. వెక్టర్‌నీ పీసీఆర్ ముక్కనీ రెండు ఎంజైమ్‌లతో కోసి, జెల్‌లోంచి తీసి శుభ్రం చేసి, టీ4 లైగేస్‌తో 16 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, డీహెచ్5 ఆల్ఫా సెల్స్‌లోకి ట్రాన్స్‌ఫామ్ చేసి, కనామైసిన్ ప్లేట్ల మీద వేశారు. రిపోర్టు గడువు అక్టోబరు 24, శుక్రవారం. సోమవారం నాటికి పరిస్థితి పైన చెప్పినదే.

మొదటి అడుగు: ప్లేట్లన్నీ పక్కపక్కన పెట్టి చదవండి

మన కేసులో ఐదు ప్లేట్లు ఉన్నాయనుకుందాం. డీఎన్ఏ ఏదీ కలపని సెల్స్ వేసిన ప్లేటు ఖాళీగా ఉంది. అంటే కనామైసిన్ బాగానే పనిచేస్తోంది. కోయని వెక్టర్ వేసిన ప్లేటు కాలనీలతో కిక్కిరిసి ఉంది. అంటే కాంపిటెంట్ సెల్స్ బాగున్నాయి, ట్రాన్స్‌ఫర్మేషన్ సరిగ్గానే జరిగింది. ఈ రెండు సంగతులు తేలాక చాలా అనుమానాలు తీరిపోతాయి.

అసలు కథ మిగతా మూడింటిలో ఉంది. కోసిన వెక్టర్‌ని లైగేస్ లేకుండా వేసిన ప్లేటు మీద 4 కాలనీలు. అదే వెక్టర్‌కి లైగేస్ కలిపి, ఇన్సర్ట్ కలపకుండా వేసిన ప్లేటు మీద 90. వెక్టర్, ఇన్సర్ట్, లైగేస్ మూడూ కలిపిన అసలు ప్లేటు మీద 100.

ఈ 4, 90, 100 అంకెల్ని కాసేపు నిలబడి చూడండి. లైగేస్ లేకపోతే 4, ఉంటే 90 అంటే లైగేస్ పనిచేస్తోంది. దాన్ని అనుమానించక్కర్లేదు. 4 కాలనీలు మాత్రమే వచ్చాయంటే అసలు కోతే పడని వెక్టర్ కూడా పెద్దగా మిగల్లేదు. మరి ఇన్సర్ట్ లేకుండానే 90 ఎలా వచ్చాయి? వెక్టర్ తన రెండు కొసల్నీ తానే అతికించుకుంది. రెండు ఎంజైమ్‌లూ సరిగ్గా కోసి ఉంటే ఒక కొసకి ఎన్‌డీఈ-1 అంచు, రెండో కొసకి ఎక్స్‌హెచ్ఓ-1 అంచు ఉంటాయి. అవి ఒకదానికొకటి అతకవు. అతుక్కున్నాయంటే రెండు కొసలూ ఒకే రకం అన్నమాట. రెండు ఎంజైమ్‌లలో ఒకటి కోయలేదు.

ఇది జెల్ మీద ముందే ఎందుకు కనబడలేదని మీకు సందేహం రావచ్చు. పెట్-28ఎ సుమారు 5,400 బేస్‌ల వెక్టర్. దాంట్లో ఈ రెండు కోత చోట్ల మధ్య దూరం 80 బేస్‌లే. ఒక్క ఎంజైమ్ కోసినా, రెండూ కోసినా జెల్ మీద బ్యాండ్ ఒకే చోట ఉంటుంది. ఊడిపోయిన 80 బేస్‌ల ముక్క మామూలు ఒక శాతం అగరోజ్‌లో కనబడనే కనబడదు. ఇన్సర్ట్ సంగతీ అంతే. పీసీఆర్ ముక్క చివర నుంచి ఊడేది కొద్ది బేస్‌లే. 900 బేస్‌ల బ్యాండ్‌లో ఆ తేడా ఏ కంటికీ అందదు. అందుకే "జెల్ బాగా వచ్చింది మేడమ్" అన్న వాక్యం ఈ మెయిల్‌లో దేన్నీ నిరూపించదు. ప్లేట్ల లెక్కే నిరూపిస్తుంది.

ఇక కాలనీ పీసీఆర్. అసలు ప్లేటు నుంచి 12 కాలనీలు తీసుకుని, వెక్టర్ మీద అతికే టీ7 ప్రమోటర్, టీ7 టెర్మినేటర్ ప్రైమర్లతో నడిపారు. ఈ జంట వాడడం మంచి పని. ఖాళీ వెక్టర్ అయితే మూడొందల పైచిలుకు బేస్‌ల బ్యాండ్ వస్తుంది, జీన్ ఉంటే 1,100 దాకా వస్తుంది. పన్నెండింటిలోనూ చిన్న బ్యాండే వచ్చింది. బ్యాండ్ వచ్చింది కాబట్టి పీసీఆర్ నడిచింది, చిన్నది వచ్చింది కాబట్టి జీన్ లేదు. అదే రెండు ప్రైమర్లూ జీన్‌వే వాడి ఉంటే ప్లేటు మీద అంటుకుని ఉన్న మిగులు ఇన్సర్టే బ్యాండ్ ఇచ్చి పాజిటివ్ అన్న భ్రమ కలిగించేది. అలాంటి ఫలితాన్ని నమ్మి "క్లోన్ వచ్చింది, సీక్వెన్సింగ్‌కి టైమ్ ఇవ్వండి" అని రాస్తే వారం తర్వాత ఇంకా ఇబ్బందైన మెయిల్ రాయాల్సి వస్తుంది.

మీ ప్లేట్లు వేరే కథ చెప్పొచ్చు. కోయని వెక్టర్ ప్లేటు కూడా ఖాళీగా ఉంటే సెల్స్ పాడయ్యాయి, లేదా యాంటీబయాటిక్ తప్పు వేశారు. కోయని వెక్టర్ బాగా వచ్చి లైగేస్ కలిపిన ప్లేట్లన్నీ వెలవెలబోతే లైగేషన్‌ని చూడాలి. లైగేస్ బఫర్‌లో ఏటీపీ ఉంటుంది. ఆ ట్యూబుని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే ఏటీపీ దెబ్బతింటుంది. కంట్రోల్ ప్లేట్లే వేయకపోయి ఉంటే ఆ మాట మెయిల్‌లో దాచకండి. "కంట్రోల్స్ లేవు కాబట్టి ఎక్కడ తప్పిందో ఇప్పుడు చెప్పలేను, ఈసారి ఇవి వేస్తాను" అని రాయండి. గైడ్ ఎలాగూ అడుగుతారు.

రెండో అడుగు: మెయిల్‌కి ముందు ఒక పూట పరీక్ష

ఒక ఎంజైమ్ కోయలేదన్నది ప్లేట్లు చెప్పాయి. ఏది అన్నది తేల్చడానికి సగం రోజు చాలు. మూడు ట్యూబుల్లో ఒకే మోతాదులో, తలా 300 నానోగ్రాముల వెక్టర్ తీసుకోండి. ఒకదాంట్లో ఎన్‌డీఈ-1 మాత్రమే, ఇంకోదాంట్లో ఎక్స్‌హెచ్ఓ-1 మాత్రమే వేయండి. మూడోదాంట్లో ఏ ఎంజైమూ వేయకండి. 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, మూడింటినీ పక్కపక్క బావుల్లో జెల్ మీద నడపండి. కోయని ప్లాస్మిడ్ మెలిపడి ఉంటుంది కాబట్టి జెల్‌లో ముందుకు ఉరుకుతుంది. ఒక్క కోత పడినా సాగిన ముక్కై 5,400 దగ్గర ఒకే బ్యాండ్‌గా నిలుస్తుంది.

మన కేసులో ఎక్స్‌హెచ్ఓ-1 బావిలో 5,400 దగ్గర బ్యాండ్ నిలిచింది. ఎన్‌డీఈ-1 బావి అచ్చం కోయని బావిలాగే ఉంది. ఎన్‌డీఈ-1 ట్యూబు పనిచేయడం లేదు. దోషం దొరికింది.

దీంతోపాటు ఇంకో సంగతి తేలింది. దాన్ని చాలామంది గమనించరు. ఇన్సర్ట్‌ని కోసింది కూడా ఆ ట్యూబుతోనే. కాబట్టి దాని ఎన్‌డీఈ-1 కొస కూడా కోయకుండానే ఉండిపోయి ఉంటుంది. వెక్టర్ ఒక్కటే మళ్ళీ కోసి పాత ఇన్సర్ట్‌తో లైగేషన్ పెడితే రెండోసారీ రాదు. రెండూ మళ్ళీ కోయాలి. ఈ మాట మెయిల్‌లో కనబడితే గైడ్‌కి మీ ప్లాన్ మీద నమ్మకం కుదురుతుంది. అంత వరకు ఆలోచించినవాళ్ళే అది రాయగలరు. ఫ్రీజర్‌లో పీసీఆర్ ముక్క ఇంకా మిగిలి ఉంటే ఒక రోజు కలిసొస్తుంది. అది ఉందో లేదో చూసుకునే ప్లాన్ వేయండి.

కొత్త ట్యూబు వచ్చినా ఇన్సర్ట్ కొస కోత పడకపోవచ్చు. ఎన్‌డీఈ-1 డీఎన్ఏ చివరికి మరీ దగ్గరగా ఉన్న చోటుని సరిగ్గా కోయదు. మీ ప్రైమర్‌లో కోత చోటుకి బయట అదనపు బేస్‌లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. రెండో మూడో మాత్రమే ఉంటే ప్రైమర్ కూడా అనుమానితుల జాబితాలోకి వస్తుంది. కొత్త ప్రైమర్ తెప్పించాలంటే గడువు లెక్క మొత్తం మారిపోతుంది. మన కేసులో ఆరు ఉన్నాయి, అందుకని ప్రైమర్ జోలికి వెళ్ళలేదు.

మూడో అడుగు: రోజుల్ని బెంచ్ మీద లెక్కపెట్టండి

"ఒక వారం ఇవ్వండి" అనేది గాలిలోంచి తీసిన అంకె. పని మీద లెక్కేస్తే వచ్చే తేదీ వేరు. బుధవారం, అక్టోబరు 22న మెయిల్ పంపుతున్నారనుకుందాం.

గురువారం 23న కొత్త ఎన్‌డీఈ-1 వస్తుందని స్టోర్స్‌లో చెప్పారు. వచ్చిన వెంటనే వెక్టర్ మీద గంటసేపు పెట్టి, కోస్తోందని చూసుకుంటారు. శుక్రవారం 24న వెక్టర్‌నీ ఇన్సర్ట్‌నీ కోసి, జెల్‌లోంచి తీసి, సాయంత్రానికి లైగేషన్ పెడతారు. శనివారం 25న ట్రాన్స్‌ఫర్మేషన్, కంట్రోల్ ప్లేట్లన్నిటితో సహా. ఆదివారం 26న కాలనీలు లెక్కపెట్టి, కాలనీ పీసీఆర్ నడిపి, సాయంత్రం బాగున్నవాటిని ద్రవ మీడియాలో వేస్తారు. సోమవారం 27న మినీప్రెప్ తీసి, రెండు ఎంజైమ్‌లతో కోసి 900 బేస్‌ల ముక్క ఊడుతోందో లేదో చూసి, సాయంత్రం సీక్వెన్సింగ్‌కి ఇస్తారు. దానికి మూడు రోజులు వేసుకుంటే గురువారం 30న ఫలితం.

31 శుక్రవారం ఖాళీగా వదిలారు. ఏదైనా ఆలస్యమైతే ఆదుకునే మెత్త అది. ఆదివారం ల్యాబ్ తాళం తీయకపోతే ప్లేట్లని పారాఫిల్మ్ చుట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం పని చేయొచ్చు, ఆ ఒక్క రోజు ఈ మెత్తలోంచి పోతుంది. నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం. ఇక్కడ ఆఫీసులుండవు. 2 ఆదివారం. కాబట్టి అడగాల్సిన తేదీ నవంబరు 3, సోమవారం. ఇప్పుడు అడిగేది "కొన్ని రోజులు" కాదు, ఒక తేదీ. దాని వెనక ప్రతి రోజుకీ ఒక పని ఉంది.

సెలవులు చూసుకోకపోతే ప్లాన్ ఇక్కడే దెబ్బతింటుంది. దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళడానికి టికెట్ తీసి ఉంటే ఆ రోజుల్ని పని రోజుల్లో కలపకండి. మెయిల్‌లో ఊరు ప్రస్తావన కూడా తేవద్దు. వెళ్ళాల్సి వస్తే అది విడిగా అడిగే సెలవు.

ఇంకొకటి చూసుకోవాలి. మీ తేదీ ఎవరి చేతుల్లో ఉంది? క్లాసు ల్యాబ్ రిపోర్టు అయితే సాధారణంగా గైడ్ నిర్ణయమే. డిపార్టుమెంటుకో యూనివర్సిటీకో వెళ్ళే ప్రాజెక్టు రిపోర్టు అయితే గైడ్ ఎంత మంచివారైనా ఆ తేదీ మార్చలేరు. అప్పుడు అడగాల్సింది తనకి డ్రాఫ్టు చూపించే తేదీని మాత్రమే వెనక్కి జరపమని. ఇది తెలీకుండా అడిగితే ఆవిడ చేతిలో లేనిది అడిగినట్టవుతుంది.

నాలుగో అడుగు: ఇప్పుడు రాయండి

మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది, అది తెలిసిందే. కానీ విషయం ఏ వరసలో రావాలో ముందు తెలుగులో కాగితం మీద పెట్టుకుంటే అనవసరమైన మాటలు వాటంతటవే రాలిపోతాయి. మన కేసుకి ఆ చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

> విషయం: ల్యాబ్ రిపోర్టు గడువు అక్టోబరు 24 నుంచి నవంబరు 3కి మార్చమని విన్నపం (పెట్-28ఎ క్లోనింగ్)
>
> మేడమ్, నమస్కారం.
>
> శుక్రవారం, అక్టోబరు 24న ఇవ్వాల్సిన క్లోనింగ్ రిపోర్టుని నవంబరు 3, సోమవారం ఇవ్వడానికి అనుమతి కోరుతున్నాను. లైగేషన్ ప్లేటు నుంచి చూసిన 12 కాలనీల్లోనూ ఖాళీ వెక్టరే ఉంది.
>
> కంట్రోల్ ప్లేట్లలో కాలనీలు: డీఎన్ఏ లేనిది 0, కోయని వెక్టర్ లెక్కపెట్టలేనన్ని, కోసిన వెక్టర్ (లైగేస్ లేకుండా) 4, కోసిన వెక్టర్ (లైగేస్‌తో) 90, వెక్టర్ + ఇన్సర్ట్ 100. దీన్నిబట్టి వెక్టర్‌ని ఒక ఎంజైమ్ మాత్రమే కోసిందని అనుకున్నాను. నిన్న రెండు ఎంజైమ్‌లనీ విడివిడిగా పరీక్షించాను. ఎక్స్‌హెచ్ఓ-1 కోసింది, ఎన్‌డీఈ-1 కోయలేదు. ఇన్సర్ట్‌ని కూడా అదే ట్యూబుతో కోశాను కాబట్టి రెండూ మళ్ళీ కోయాలి.
>
> కొత్త ఎన్‌డీఈ-1 గురువారం వస్తుంది. శుక్రవారం డైజెషన్, లైగేషన్, శనివారం ట్రాన్స్‌ఫర్మేషన్, సోమవారం 27 నాటికి మినీప్రెప్, సీక్వెన్సింగ్‌కి పంపడం, 30 నాటికి ఫలితం.
>
> పరిచయం, పద్ధతులు, పీసీఆర్ ఫలితం, ఈ కంట్రోల్స్ విశ్లేషణ రాసి ఉన్నాయి. మీకు వీలుగా ఉంటే వాటితోనే రిపోర్టుని 24నే ఇవ్వగలను. ఏది సరైనదో మీరు చెప్పండి. గడువు ఇస్తే, రెండో ప్రయత్నం ఫలితం ఏదైనా నవంబరు 3న రిపోర్టు ఇస్తాను.
>
> ప్లేట్ల ఫొటోలు, రెండు జెల్ ఫొటోలు ఒకే పీడీఎఫ్‌గా జతచేశాను.
>
> ఇట్లు,
> పేరు, రిజిస్టరు నంబరు, బ్యాచ్

ఫోను తెర మీద ఇది ఒక పేజీకి కాస్త ఎక్కువ. అంతకంటే పెంచకండి.

ఈ వరసే ఎందుకు

గైడ్ రోజుకి ఎన్నో మెయిల్స్ చూస్తారు, చాలావరకు మీటింగుల మధ్య ఫోనులోనే. విషయం పంక్తిలోనే పాత తేదీ, కొత్త తేదీ ఉంటే తెరవకముందే అడుగుతున్నది ఏమిటో అర్థమవుతుంది. మన అలవాటు వేరు: ముందు క్షేమసమాచారం, తర్వాత కష్టం, చివర అసలు మాట. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు అది మర్యాదే. మెయిల్‌లో మాత్రం అడిగేది మొదటి వాక్యంలో ఉండాలి. అంకెలు రెండో పేరాలో ఉంటే, చదవాలనుకున్నప్పుడు అక్కడే దొరుకుతాయి.

"24నే ఇవ్వగలను" అన్న వాక్యాన్ని చాలామంది రాయడానికి జంకుతారు. అది రాస్తే గడువు ఇవ్వరేమోనని భయం. నా అభిప్రాయంలో ఈ మెయిల్‌లో అన్నిటికంటే బలమైన వాక్యం అదే. ల్యాబ్ రిపోర్టుకి మార్కులు క్లోన్ వచ్చినందుకు వేయరు. ఏం చేశారు, ఏం వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది సరిగ్గా రాసినందుకు వేస్తారు. కంట్రోల్స్‌తో సహా విప్పి చెప్పిన వైఫల్యం పూర్తి రిపోర్టే. కొందరు గైడ్లు ఇదే చాలు, ఇచ్చెయ్యి అంటారు. అప్పుడు పది రోజుల పని తప్పుతుంది.

అలాగే "ఫలితం ఏదైనా నవంబరు 3న ఇస్తాను" అన్నది. గడువు ఒకసారి ఇస్తే మళ్ళీ మళ్ళీ అడుగుతారన్నది గైడ్లకి ఉండే అసలు సంకోచం. ఆ సంకోచాన్ని మీరే ముందు తీర్చేయండి. కానీ రాశాక ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఏం రాయకూడదు

ఎంజైమ్ ఎందుకు చచ్చిపోయిందో మీకు తెలిసే ఉండొచ్చు. ఎవరో ట్యూబుని ఐసు మీద కాకుండా బల్ల మీద వదిలేసి ఉంటారు. మంచు దానంతటదే కరిగే రకం ఫ్రీజర్‌లో పెట్టి ఉంటారు. వాటిలో మైనస్ 20 స్థిరంగా నిలవదు, ఎంజైమ్‌లకి అది పడదు. ఎవరన్న మాట మెయిల్‌లో వద్దు. "ఈ ట్యూబు కోయలేదు" అన్నంత వరకే మీ దగ్గర రుజువు ఉంది. పక్క బెంచివాళ్ళ పేరు రాస్తే గడువు సంగతి మరుగునపడి, చర్చ వాళ్ళ మీదకి మళ్ళుతుంది. రేపు ఆ ల్యాబ్‌లోనే వాళ్ళ పక్కనే పని చేయాలి కూడా. ట్యూబు మీద "పనిచేయడం లేదు, పరీక్షించాను" అని తేదీతో రాసి, ల్యాబ్ చూసుకునే సీనియర్ అక్కకో అన్నకో విడిగా చెప్పండి. ఇంకెవరి లైగేషనూ దానితో పోకుండా ఉంటుంది.

లేని జ్వరం రాయకండి. నిజంగా ఒంట్లో బాగోకపోతే ఒక్క వాక్యం చాలు, అది వేరే కారణంగానే ఉండాలి. నాలుగుసార్లు క్షమాపణ చెప్పడం కూడా అక్కర్లేదు. లైగేషన్ రాకపోవడం తప్పు పని కాదు. "వీలైనంత త్వరగా ఇస్తాను" అన్నది తేదీ లేని మాట, దాన్ని తీసేయండి. "అంతా సరిగ్గానే చేశాను కానీ రాలేదు" అన్నది గైడ్‌ని విసిగించే వాక్యం. సరిగ్గా జరిగినవి ఏవో, జరగనిది ఏదో కంట్రోల్స్ చెప్పేశాయి కదా.

ఫొటోలు

జతచేసే పీడీఎఫ్ గురించి కాస్త శ్రద్ధ పెట్టండి. ప్లేట్లని నల్లటి కాగితం మీద, మూత తీసి, పైనుంచి తీస్తే కాలనీలు స్పష్టంగా కనబడతాయి. అడుగున మార్కర్‌తో మీరు రాసిన "వీ+ఎల్" లాంటి గుర్తులు మీకే అర్థమవుతాయి, గైడ్‌కి కాదు. ప్రతి ఫొటో కింద ఏ ప్లేటు, ఏ తేదీ, ఎన్ని కాలనీలు అని పూర్తిగా టైపు చేయండి. జెల్ ఫొటోలో ప్రతి బావి పైన అందులో ఏముందో రాయండి, ల్యాడర్‌లో రెండు మూడు బ్యాండ్లకైనా సైజు వేయండి. పేర్లు లేని జెల్ ఫొటో పంపితే "లేన్ 3 ఏంటి?" అని ఒక మెయిల్, దానికి మీ జవాబు, అలా ఒక రోజు పోతుంది. మీ దగ్గర ఉన్నవి రెండు రోజులే.

ఎప్పుడు పంపాలి, తర్వాత ఏం చేయాలి

గడువుకి కనీసం రెండు పని దినాల ముందు, ఉదయం పూట పంపండి. పరీక్ష ఫలితం మంగళవారం సాయంత్రం వస్తే బుధవారం ఉదయం మెయిల్ వెళ్ళిపోవాలి. రోజూ మీ పని చూసే పీహెచ్‌డీ సీనియర్ ఉంటే, పంపకముందు వాళ్ళకి నోటితో చెప్పి, కాపీలో పెట్టండి. ముందు చెప్పకుండా కాపీలో పెడితే వాళ్ళకి అది ఫిర్యాదులా కనబడుతుంది.

గురువారం మధ్యాహ్నానికి జవాబు రాకపోతే గది దగ్గరికి వెళ్ళి, "మేడమ్, నిన్న రిపోర్టు తేదీ గురించి మెయిల్ చేశాను, ఒక్క నిమిషం చూస్తారా" అని అడగండి. ఊళ్ళో లేకపోతే వాట్సాప్‌లో ఒక్క వాక్యం. అంతా మళ్ళీ అక్కడ రాయొద్దు. నడవాలో "సరే, తీసుకో" అని నోటితో ఒప్పుకుంటే, ఆ సాయంత్రమే అదే మెయిల్‌కి జవాబుగా "మీరు చెప్పినట్టు నవంబరు 3న ఇస్తాను మేడమ్, ధన్యవాదాలు" అని పంపి ఉంచండి. పది రోజుల తర్వాత తేదీ ఏమిటో ఇద్దరికీ ఒకేలా గుర్తుండకపోవచ్చు.

జవాబు ఏమీ రాకుండా శుక్రవారం వచ్చేస్తే, ఉన్నదాంతో రిపోర్టు ఇచ్చేయండి. మౌనాన్ని అనుమతిగా తీసుకోకండి.

కుదరదంటే

కొన్నిసార్లు "లేదు, శుక్రవారమే ఇవ్వు" అంటారు. అప్పుడు మెయిల్ కోసం చేసిన పనే రిపోర్టులో ఫలితాల భాగం అవుతుంది. ఐదు ప్లేట్ల లెక్క ఒక పట్టిక. కాలనీ పీసీఆర్ జెల్ ఒక బొమ్మ, విడివిడి ఎంజైమ్‌ల జెల్ ఇంకో బొమ్మ. చర్చలో 4, 90, 100 అంకెల నుంచి ఎన్‌డీఈ-1 దాకా ఎలా వచ్చారో ఒక పేరా రాయండి. జెల్ మీద ఒక కోతకీ రెండు కోతలకీ తేడా ఎందుకు కనబడదో 80 బేస్‌ల లెక్కతో చెప్పండి. తర్వాత మళ్ళీ చేస్తే ఏం మారుస్తారో రాయండి: ఎంజైమ్‌ని వాడే ముందు వెక్టర్ మీద పరీక్షించడం, అతుక్కోవడం తగ్గించడానికి కోసిన వెక్టర్‌కి ఫాస్ఫటేజ్ పెట్టడం. ఫాస్ఫటేజ్ వెక్టర్‌కి మాత్రమేనని, ఇన్సర్ట్‌కి పెడితే వెక్టర్‌తో అతకడానికి కావాల్సిన ఫాస్ఫేట్ అక్కడా ఉండదని రాయడం మరచిపోకండి. వైవాలో ఎగ్జామినర్ తరచూ అడిగే ప్రశ్న అది.